మామ్మ పూసల దండ: 58 ఎర్ర పూసల లెక్క

జూన్ 8, ఆదివారం

మామ్మ దండ నా చేతికొచ్చింది. మూడు వరసలది, మధ్య వరస తెగిపోయి పాత పంచె ముక్కలో మూటగా ఉంది. పిన్ని కూతురి పెళ్లికి మళ్లీ గుచ్చి ఇవ్వమని అడిగారు. మా గునుపురం ఇంట్లో దీన్ని అందరూ పగడాల దండ అంటారు, 200 ఏళ్లదని కూడా అంటారు. మామ్మ వాళ్ల నాన్నగారు పర్లాకిమిడి చిన్న రైల్లో సరుకు తెచ్చి సంతల్లో పూసలు, అద్దాలు, దువ్వెనలు అమ్మేవారట. రైలు గునుపురం దాకా వచ్చింది 1931లో, కాబట్టి ఆ మాట నిజమైతే పూసలు ఆయన చేతికొచ్చిన కాలం కొంత అందుతుంది. పూసలు తయారైన కాలం వేరే సంగతి, దానికి ఒక్కో పూసనూ అడగాల్సిందే.

మొత్తం పూసలు నాలుగు వందల దాకా ఉన్నాయి. పసుపు, పచ్చ, నలుపు చిన్నవే ఎక్కువ. ఈ డైరీ మాత్రం ఎర్రవాటి గురించే రాస్తాను. అవి 58. దూరం నుంచి అన్నీ ఒకేలా ఉంటాయి, గొడవంతా అక్కడే.

తెంపే ముందు ఫొటోలు తీశాను, ముందు నుంచి, వెనక నుంచి, పక్కన స్కేలు పెట్టి. తర్వాత ఒక్కో వరసనూ టేబుల్ మీద పరిచి, ప్రతి పది పూసలకూ చిన్న టేపు ముక్క అంటించి నంబరు వేశాను. కింద మందపాటి టర్కీ తువ్వాలు పరిచాను, లేకపోతే జారిన పూస గచ్చు మీద ఎక్కడికి దొర్లుతుందో చెప్పలేం.

దారం సంగతి ఇప్పుడే రాసుకోవాలి. పై వరస, కింద వరస నూలు దారం, నూనె పట్టి నల్లబడి ఉంది. తెగిన మధ్య వరస మాత్రం నైలాను. మామ్మ ఏమో "నా పెళ్లినాటి నుంచి ఎవరూ దాన్ని ముట్టలేదురా" అంటుంది. ఆవిడ పెళ్లి 1955లో. అప్పట్లో మా వైపు పల్లెల్లో నైలాను దారంతో దండలు గుచ్చి ఉంటారని నాకు నమ్మకం కలగడం లేదు. తుంచిన దారం ముక్కలు మూడూ మూడు కవర్లలో దాచాను.

జూన్ 10

బాధ కలిగించిన విషయం ఒకటి తెలిసింది. రెండేళ్ల క్రితం దండలోని ఇత్తడి మువ్వలు మెరవాలని ఎవరో దీన్ని మొత్తం చింతపండు పులుసులో నానబెట్టి బ్రష్షుతో తోమారట. మువ్వలు మెరిశాయి. పూసల బెజ్జాల్లో ఏళ్ల తరబడి పేరుకున్న నూనె, పసుపు, చెమట మట్టి మాత్రం చాలావరకు పోయింది. ఆ మట్టి చూడ్డానికి మురికే కానీ, పూస ఎంతకాలం మెడలో ఉందో చెప్పే ఆనవాళ్లలో అదొకటి. పైగా పాత గాజులో కొన్ని రకాలు తడికే పాడవుతాయి, పైన జిగట చెమ్మ పట్టి సన్నటి పగుళ్లు వస్తాయి. అలాంటివాటికి పులుసు ఇంకా చేటు.

మీ ఇంట్లో ఇలాంటి దండ ఉంటే దయచేసి నానబెట్టొద్దు. నేను చేస్తున్నది ఇంతే: బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో దూది పుల్లను తడిపి, గట్టిగా పిండి, పూస పైభాగం మాత్రం తుడిచి, వెంటనే పొడి గుడ్డతో అద్దడం. బెజ్జం లోపల ముట్టుకోను.

జూన్ 15, ఆదివారం

ఈ రోజు మొదటి వడపోత, ప్లాస్టిక్‌ని తీసేయడం.

పూసను చెంపకి ఆనించి చూశాను. గాజు, రాయి చల్లగా తగిలి, ఆ చల్లదనం కాసేపు నిలుస్తుంది. ప్లాస్టిక్ వెంటనే ఒంటి వేడికి వచ్చేస్తుంది. తర్వాత పంటికి మెల్లగా తాకించాను, గాజైతే టక్కుమని గట్టిగా, ప్లాస్టిక్ అయితే మొద్దుగా. ఇలా 58లో 14 పక్కకు వచ్చాయి. పద్నాలుగూ మధ్య వరసలోవే, అంటే నైలాను దారం మీదవే! రాసుకున్న నంబర్లు మళ్లీ రెండుసార్లు సరిచూసుకున్నాను.

చెంప, పన్ను చెప్పినదాన్ని ఉప్పు నీళ్లతో ఖాయం చేసుకోవాలనుకున్నాను. గ్లాసులో 100 మి.లీ. నీళ్లకు 36 గ్రాముల దాకా ఉప్పు పడుతుంది, ఇక కరగనని అడుగున మిగిలే వరకు కలపాలి. ఆ నీళ్ల సాంద్రత దాదాపు 1.2 ఉంటుంది. పాలిస్టైరీన్ అనే చవక ప్లాస్టిక్ సాంద్రత 1.05, అందుకే అది మామూలు నీళ్లలో మునిగి ఉప్పు నీళ్లలో తేలుతుంది. పాత బేకలైట్ 1.25 పైన ఉంటుంది కాబట్టి రెండింట్లోనూ మునుగుతుంది. గాజు, రాయి అయితే 2.5 చుట్టుపక్కల, వాటిని ఉప్పు నీళ్లలో వేయాల్సిన పనే లేదు, వేయకూడదు కూడా. అనుమానం ఉన్న పద్నాలుగింటినే వేశాను.

మొదటిసారి వేసినప్పుడు మామూలు నీళ్లలో కూడా మూడు తేలాయి. ఇదేమిటని కాసేపు కంగారు పడ్డాను. బెజ్జంలో గాలి బుడగ ఇరుక్కుంది, అదీ కారణం. నీళ్లలో ఒక చుక్క గిన్నెల సబ్బు వేసి, సన్నటి తీగతో బెజ్జంలోని గాలిని తోసేస్తే మూడూ మెల్లగా అడుగుకు దిగాయి. ఆ తర్వాత ఉప్పు నీళ్లలో పద్నాలుగూ తేలాయి. చివరకు మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాను.

అసలైన అంబర్ కూడా ఉప్పు నీళ్లలో తేలుతుంది, కాబట్టి తేలింది కదాని ప్లాస్టిక్ అని తీర్పు ఇవ్వకూడదు. ఇక్కడ తేల్చింది అతుకు గీత. కంసాలులు కంటికి పెట్టుకునే పది రెట్ల భూతద్దంలో చూస్తే పూస నడుము చుట్టూ దారం మందాన ఒక గీత, అచ్చు రెండు సగాలూ కలిసిన చోటు. ఆ గీత మీద ఒకచోట చిన్న బొడిపె ఉంది, కరిగిన ప్లాస్టిక్ అచ్చులోకి దిగిన ద్వారం అది. ఇంకో సంగతి, ఈ పద్నాలుగింటి మీద గీతలున్నాయి కానీ పెచ్చులు లేవు. గాజు పెచ్చు ఊడుతుంది, ప్లాస్టిక్ గీరుకుంటుంది.

కాల్చిన సూది గుచ్చి చూస్తే పోదా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. వద్దు. ప్లాస్టిక్ అయితే శాశ్వతంగా గుంట పడుతుంది, సెల్యులాయిడ్ అయితే భగ్గుమని అంటుకుంటుంది, పాత గాజైతే ఆ వేడికి చిట్లొచ్చు.

జూన్ 18, బుధవారం

చటికోన సంతకు వెళ్లాను. బుధవారం డోంగ్రియా కోందు గిరిజనులు నియమగిరి కొండలు దిగి వస్తారు. పోల్చి చూడ్డానికి ఇప్పటి ఎర్ర పూసలు కావాలి, అదీ పని. మెడ నిండా దండలేసుకున్న ఆడవాళ్లు పనస తొనలు, పసుపు కొమ్ములు అమ్ముకుంటున్నారు. పూసల అంగళ్లలో ఉన్నది దాదాపు అంతా ప్లాస్టిక్, అక్కడక్కడా గాజు. ఒక అంగడామె పార్వతీపురం నుంచి వచ్చిందట, తెలుగే. "గాజువి కావాలంటే కింద డబ్బాలో ఉన్నాయి బాబూ, బరువని ఇప్పుడు పిల్లలు అడగరు" అంది. రెండు రకాలూ కొన్నాను.

మామ్మ దండలోని 14 పక్కన పెట్టి చూస్తే అదే తీరు, అదే అతుకు గీత, రంగు మాత్రం వెలిసింది. మెడవైపు అరగలేదు, బెజ్జం అంచులు ఇంకా పదునుగానే ఉన్నాయి. ఇంటికొచ్చి పిన్నిని మెల్లగా అడిగితే గుర్తు తెచ్చుకుంది. తన చిన్నప్పుడు, 1980ల్లో, సంతలో దండ తెగి మధ్య వరస పూసలు కొన్ని జనం కాళ్ల కింద పోయాయట. మామ్మకు తెలియకుండా తాతగారు అప్పటికప్పుడే కొత్త పూసలు కలిపి గుచ్చించారట. మామ్మ చెప్పింది అబద్ధం కాదు, ఆవిడకు తెలియదంతే.

జూన్ 22, ఆదివారం

మిగిలినవి 44. ఇవి గాజా, రాయా, పగడమా?

పగడం సంగతి త్వరగానే తేలింది. పగడం మీద భూతద్దంలో సన్నటి నిలువు చారలు, కర్ర పొర లాంటివి కనిపిస్తాయి. వీటిలో ఒక్కదానికీ లేవు. నిమ్మరసం వేస్తే పగడం నురగలు కక్కుతుంది, నిజమే, కానీ ఆ చుక్క పడినచోట పగడాన్ని తినేస్తుంది. చూపుతో తేలేదానికి పులుపు ఎందుకు?

ఇక బెజ్జం. పూసను అడగాల్సిన మొదటి ప్రశ్న బెజ్జాన్నే అడగాలి, పై మెరుపును కాదు. వెనక నుంచి సెల్‌ఫోన్ టార్చి వేసి, పూస చివరను భూతద్దం కిందకు తిప్పాను. 5, 6 మి.మీ. ఉన్న 31 పూసల్లో బెజ్జం చుట్టూ ఒక పాలిపోయిన వలయం, దాని చుట్టూ ఎరుపు. బయట నుంచి చూస్తే కెంపులా మెరిసే ఆ ఎరుపు నిజానికి పల్చటి తొడుగు, లోపలంతా పాలలాంటి తెల్ల గాజు. పూసల వ్యాపారంలో దీన్ని వైట్ హార్ట్ అంటారు. ఇవి వెనిస్‌లో తయారై 19వ శతాబ్దంలో ఆఫ్రికా, అమెరికా, ఆసియాలకు సరుకుగా వెళ్లాయి, తర్వాత ఇతర చోట్ల కూడా చేశారు. తెల్లది లోపల ఎందుకంటే, మంచి ఎరుపు రావాలంటే గాజులో బంగారం కలపాలి, అది ఖరీదు. పైన పల్చగా వేసి లోపల తెల్లటిది పెడితే ఖర్చు తగ్గుతుంది, లోపలి తెలుపు వెలుగు తిప్పికొట్టడంతో ఎరుపు కూడా ఇంకా నిగనిగలాడుతుంది. 1890ల తర్వాత సెలీనియంతో ఎరుపు తేవడం వచ్చింది.

ఒక పూసను దగ్గరగా చూపిస్తాను, 17వ నంబరు. రెండు చివరలా వలయం ఒకే మందం, గుండ్రంగా, చక్కగా మధ్యలో ఉంది. ఎర్ర పొరలో సన్నటి బుడగలు, అవి గుండ్రంగా లేవు, బియ్యపు గింజల్లా సాగి బెజ్జం వెంటే బారుగా ఉన్నాయి. అంటే దీన్ని వేడి గాజు ముద్దను గొట్టంగా సాగదీసి, ముక్కలు కోసి, మళ్లీ వేడిచేసి అంచులు గుండ్రం చేశారు. ఇనుప కమ్మీకి కరిగిన గాజు చుట్టి చేసిన పూస అయితే బుడగలు, చారలు బెజ్జం చుట్టూ తిరుగుతాయి, వలయం కూడా ఒకవైపు లావుగా ఒకవైపు సన్నగా వస్తుంది. అచ్చులో నొక్కినదైతే అతుకు ఉంటుంది, బెజ్జం తరచూ ఒకవైపు వెడల్పుగా మరోవైపు ఇరుకుగా ఉంటుంది. 17వ నంబరు ఒక చివర పెచ్చు ఊడింది, ఆ గుంట అద్దంలా తళతళలాడుతోంది. ఇది గుర్తుపెట్టుకోండి, రాయి దగ్గర పనికొస్తుంది.

ఇక్కడ ఒక మోసం కూడా చెప్పాలి. తెల్ల పూసకు పైన ఎర్ర రంగు పూసి అమ్మేవీ ఉన్నాయి. వాటికి రంగు బెజ్జంలోకి కూడా దిగి ఉంటుంది, ఊడినచోట పొరలా లేస్తుంది. అసలు వైట్ హార్ట్‌లో బెజ్జం లోపలి గోడ శుభ్రంగా తెల్లగా ఉంటుంది.

జూన్ 24

మిగిలిన 13 పెద్దవి, పీపా ఆకారంలో, ఎరుపు నారింజ కలిసినవి. ఇవి రాయి అని నా అనుమానం, కార్నీలియన్. గుజరాత్‌లోని రతన్‌పూర్ గనుల రాయిని ఖంభాత్‌లో కాల్చి ఎర్రబరిచి, చెక్కి, పూసలు చేస్తారు. చాలా పాత వృత్తి అది.

సాంద్రత చూశాను. 0.01 గ్రాము చూపే చిన్న తూకం యంత్రం మీద నీళ్ల గిన్నె పెట్టి సున్నా చేయాలి. పూసను సన్నటి దారానికి కట్టి, గిన్నె అడుగుకు, పక్కలకు తగలకుండా నీళ్లలో వేలాడదీయాలి. అప్పుడు యంత్రం ఎంత చూపితే అది పూస పక్కకు నెట్టిన నీళ్ల బరువు. పెద్ద పూస గాలిలో 1.56 గ్రాములు, నీళ్లలో వేలాడదీస్తే యంత్రం 0.60 చూపింది. 1.56ను 0.60తో భాగిస్తే 2.60. కార్నీలియన్‌కు సరిపోయింది. కానీ సంబరపడలేదు. యంత్రం చివరి అంకె అటూ ఇటూ అయినా లెక్క 2.56 నుంచి 2.64 దాకా కదులుతుంది, మామూలు గాజు 2.5 దగ్గరే ఉంటుంది. ఇంత చిన్న పూసకు, ఈ తూకానికి, గాజుకూ రాయికీ మధ్య గోడ చాలా సన్నం. అదే పద్ధతిలో ఒక ప్లాస్టిక్ పూస 0.42ను 0.40తో భాగిస్తే 1.05 వచ్చింది, అక్కడ ఏ సందేహమూ లేదు. ప్లాస్టిక్‌ను వేరు చేయడానికి ఈ పరీక్ష బాగుంది, రాయిని గాజు నుంచి వేరు చేయడానికి దీని ఒక్కదాని మీదే ఆధారపడకూడదు.

అందుకే పెచ్చు దగ్గరకు వెళ్లాను. 13లో ఐదింటికి బెజ్జం దగ్గర పెచ్చులున్నాయి. వాటిని 17వ నంబరు పక్కన పెట్టి టార్చి వేశాను. గాజు పెచ్చు తళుక్కుమంది. ఈ ఐదింటి పెచ్చులు మైనం ముక్క విరిస్తే కనిపించే తీరున మసకగా, జిడ్డు మెరుపుతో ఉన్నాయి. రంగు కూడా మేఘాల్లా, ఒకచోట చిక్కగా ఒకచోట పల్చగా. లోపల ఎక్కడా బుడగ లేదు. ఒక్క గుండ్రటి బుడగ కనపడినా గాజే అనేదాన్ని.

బెజ్జం చివరి సాక్ష్యం ఇచ్చింది. సన్నటి రాగి తీగ దూర్చితే సగం దూరంలో ఆగి, కొంచెం తిప్పితే గానీ ముందుకు పోలేదు. రెండు వైపుల నుంచి తొలిచి మధ్యలో కలిపారు, ఆ కలిసినచోట చిన్న మెట్టు ఉంది. చేతి డ్రిల్లుతో, మొనకు వజ్రపు ముక్కలు పొదిగి తొలిచే పాత పద్ధతిలో ఇలా వస్తుంది. ఇప్పటి యంత్రాల బెజ్జం చివర నుంచి చివరకు తిన్నగా, ఒకే వెడల్పున పోతుంది. అయితే చేతి డ్రిల్లు నిన్న మొన్నటి దాకా వాడారు కాబట్టి, మెట్టు ఉంది అంటే చేత్తో తొలిచినది అని మాత్రమే, వెయ్యేళ్లది అని కాదు.

జూన్ 25

వయసు. దీనిమీదే ఇంట్లో అందరికీ ఆశ, నాకు టెన్షన్.

చిన్న పసుపు, పచ్చ, నలుపు పూసలతో మొదలుపెడతాను, ఎందుకంటే అవే ఎక్కువ మందిని పక్కదారి పట్టిస్తాయి. సాగదీసిన గొట్టాన్ని కోసి చేసే ఇలాంటి ఒకే రంగు చిన్న పూసలు రెండు వేల ఏళ్ల క్రితం పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో చేశారు. అదే రకం పద్ధతిలో మన శ్రీకాళహస్తి దగ్గరి పాపానాయుడుపేటలో మొన్నమొన్నటి కాలం దాకా చేశారు. ఇనుప గొట్టంతో గాజు ముద్దలోకి గాలి దారి చేసి, పొడుగ్గా లాగి, ముక్కలు కోసి, బూడిదతో కలిపి మళ్లీ వేడిచేసి అంచులు మెత్తబరచడం. అంటే ఆకారం చూసి, బుడగలు చూసి ఇది ఎలా చేశారో చెప్పగలం, ఎప్పుడు చేశారో చెప్పలేం. ఏదో పుస్తకం బొమ్మలో కనిపించిన పూస మన పూసలాగే ఉందని వెయ్యేళ్లది అనేయడం పెద్ద పొరపాటు.

అరుగుదల కాస్త నమ్మదగిన సాక్షి. కార్నీలియన్ పూసల చివర్లు పక్క పూసకు రాసుకుని చదునుగా అరిగాయి, పక్క పూస అంచు ఆకారమే అక్కడ అచ్చయింది. బెజ్జం అంచు ఒకవైపు మాత్రమే దారం రాపిడికి గాడిలా దిగింది. ఇది కావాలని చేసిన అరుగుదల కాదు. నకిలీలకు ఒంటినిండా సమానంగా గరుకు పెడతారు, బెజ్జంలో ఎర్రమట్టి కూరుతారు. నిజమైన అరుగుదల ఎక్కడ రాసుకుందో అక్కడే ఉంటుంది. కొందరు ఇంద్రధనుస్సు మెరుపు చూపించి పాతదనం అంటారు, ఆ మెరుపు ఎక్కువగా నేలలో పాతిపెట్టి ఉన్న గాజుకు వస్తుంది, ఆమ్లంతోనూ తెప్పించొచ్చు. మెడలో తరాలుగా తిరిగిన దండకు అది లేకపోవడమే సహజం.

బంగారం షాపులో క్యారెట్ చూసే యంత్రం ఉంది కదా, దానిలో పెడితే ఎర్రలో బంగారమా సెలీనియమా తేలిపోదా అని మా బావ అన్నాడు. ఆలోచన మంచిదే. కానీ అక్కడి యంత్రాన్ని లోహాలకు సరిచేసి ఉంచుతారు, గాజు పెడితే అది అచ్చేసే శాతాలను నమ్మలేం. గాజుకు సరిచేసిన యంత్రం, చదవగలిగిన మనిషి కావాలి.

నా తీర్పు ఇది: పై, కింద వరసలు 1955 కంటే ముందు గుచ్చినవి, నూలు దారం, అరుగుదల, మామ్మ మాట మూడూ కలుస్తున్నాయి. వైట్ హార్ట్‌లు 19వ శతాబ్దం నుంచి 20వ శతాబ్దం మొదటి సగం మధ్య ఎప్పుడైనా కావొచ్చు. మధ్య వరస 1980ల కంటే పాతది కాదు, అందులో ఉన్న పాత పూసలు ఎంత పాతవైనా సరే. దండ వయసు అందులోని అన్నిటికంటే కొత్త పూస దగ్గర ఆగుతుంది.

జూన్ 29, ఆదివారం

గుచ్చడానికి కూర్చుని, చివరిసారి 31నీ ఒక్కొక్కటిగా టార్చి ముందు తిప్పాను. 30 తెల్లవే. 42వ నంబరు కాదు. పైన ఎరుపు మెరుపు లేదు, ఇటుక రంగు, వెలుగు దూరదు. లోపల బెజ్జం చుట్టూ ఆకుపచ్చ, సీసా గాజు రంగు. మొదటిసారి మట్టి రంగు వల్ల పొరబడ్డాను. ఇది గ్రీన్ హార్ట్ అనే రకం, వైట్ హార్ట్ కంటే ముందు తరం వెనిస్ పూస, 17వ శతాబ్దం నుంచి 19వ శతాబ్దం దాకా చేశారు. ఇంట్లో చెప్పగానే "చూశావా 200 ఏళ్లు" అన్నారు. ఒక్క పూస అంత పాతది కావచ్చు, దండ కాదు. పూసలమ్మే ఆయన డబ్బాలో పాత సరుకు కొత్తదాంట్లో కలిసిపోవడం మామూలే.

మైనం పట్టించిన నూలు దారం రెండు పేటలుగా తీసుకున్నాను, కార్నీలియన్ ప్రతిదానికీ అటూ ఇటూ ముడి, రాయి గాజుకు రాసుకోకుండా, ఎందుకంటే రాయే గట్టిది, గాజును గీరుతుంది. ప్లాస్టిక్ 14ను తీసేద్దామా అని మామ్మను అడిగాను. తాతగారు రహస్యంగా కలిపించారన్న సంగతి కూడా చెప్పాను. ఆవిడ 14నీ అరచేతిలో పోసుకుని చాలాసేపు చూసింది. "అవి తీయకు. ఎక్కడున్నవి అక్కడే గుచ్చు" అంది.

మధ్య వరస నంబర్ల ప్రకారమే గుచ్చాను. 42వ నంబరు పై వరసలో మెడ వెనక వైపు వచ్చింది, ఎవరికీ కనపడదు. డబ్బాలో మూడు పాత దారాల కవర్లు, ఫొటోలు, ఈ లెక్క రాసిన కాగితం పెట్టాను.